చెప్పిన మాట, చెప్పినా మాట

ప్రశ్న: మాది గుంటూరు, మా వదినది వరంగల్. ఆమె నోటితో చెబుతుంటే ఫోన్ టైప్ చేసిన ఈ కబురును సరిచేసి బంధువులందరికీ పంపమన్నారు: "మామయ్యకు మోకాలు ఆపరేషన్ అయింది నిన్న ఇంటికి తీసుకొచ్చినం రెండు వేల మందులు వేస్తున్నం డాక్టరు చెప్పిన నడుస్తలేరు అక్కకు చెప్పిన రేపు వస్తది". ఒక్క చుక్క కూడా లేదు. మొత్తం పుస్తకాల భాషలోకి మార్చేయవచ్చా?

సమాధానం: మార్చకండి. తీసుకొచ్చినం, వేస్తున్నం, నడుస్తలేరు, వస్తది అన్నవి ఫోన్ చేసిన తప్పులు కావు, మీ వదినగారు మాట్లాడే తెలుగే అది. దాన్ని చెరిపేస్తే ఈ కబురు విప్పడానికి మీకున్న ఆధారం కూడా పోతుంది.

'చెప్పిన' అన్న మాట చూడండి. రెండుసార్లు ఒకేలా పడింది కానీ ఆమె అన్నది రెండు వేర్వేరు మాటలు. తెలంగాణ వాడుకలో 'చెప్పిన' అంటే 'నేను చెప్పాను' అని కూడా అర్థం. అదే డాక్టరు గురించి అయితే 'చెప్పిండు' అనో 'చెప్పిన్రు' అనో అంటారు. కాబట్టి 'డాక్టరు చెప్పిన' దగ్గర వాక్యం ముగియదు. అక్కడ ఆమె అన్నది 'చెప్పినా'. గబగబా మాట్లాడినప్పుడు చివరి దీర్ఘం సన్నబడుతుంది, ఫోన్ దాన్ని వదిలేస్తుంది. 'అక్కకు చెప్పిన' మాత్రం ఉన్నది ఉన్నట్టే సరైనది: నేను అక్కకు చెప్పాను, ఆమె రేపు వస్తుంది. అక్కడ దీర్ఘం పెడితే అర్థం తలకిందులవుతుంది. మీ గుంటూరు చెవికి రెండూ తప్పుగానే వినిపిస్తాయి, అందుకే జాగ్రత్త.

'రెండు వేల' సంగతి పక్కనున్న క్రియే తేలుస్తుంది. 'కొన్నం' అని ఉంటే డబ్బు అనుకోవచ్చు. 'వేస్తున్నం' అన్నారు కాబట్టి అది 'రెండు వేళల', అంటే రెండు పూటలా.

చుక్కలు పెట్టడం కష్టం కాదు. మన వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది, దాని తర్వాత చుక్క పెట్టండి:

"మామయ్యకు మోకాలు ఆపరేషన్ అయింది. నిన్న ఇంటికి తీసుకొచ్చినం. రెండు వేళల మందులు వేస్తున్నం. డాక్టరు చెప్పినా నడుస్తలేరు. అక్కకు చెప్పిన. రేపు వస్తది."

అయితే మాట్లాడేటప్పుడు క్రియ అయ్యాక గుర్తొచ్చిన మాటను వెనక తగిలించడం మనందరికీ అలవాటు. 'ఆపరేషన్ అయింది నిన్న' అని కూడా ఆమె అని ఉండవచ్చు. నేను 'నిన్న'ను ఇంటికి రావడంతో కలిపాను కానీ, వ్యాకరణం రెండిటినీ ఒప్పుకుంటుంది. ఇది ఊహించి పంపే విషయం కాదు. చూడడానికి వచ్చేవాళ్లు ఆసుపత్రికి వెళ్లాలో ఇంటికి వెళ్లాలో దాన్నిబట్టే తెలుసుకుంటారు. ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "వదినా, నిన్న అయింది ఆపరేషనా, ఇంటికి రావడమా?"