ఇంక్‌లో కనిపిస్తోంది, స్ట్రిప్ నెగటివ్ అంటోంది: ఏది నమ్మాలి?

ప్రశ్న: డీఎంఎల్‌టీ చేసి చెన్నైలో ఒక చిన్న ఆస్పత్రి ల్యాబ్‌లో చేరి ఆరు నెలలైంది మేడం. నిన్న ఒక సీఎస్‌ఎఫ్‌కి ఇండియా ఇంక్ వేస్తే తెల్ల వలయాలున్న కణాలు కనిపించాయి. క్రిప్టోకాకల్ యాంటిజెన్ స్ట్రిప్ పెడితే నెగటివ్. రెండిట్లో ఏది నమ్మి రిపోర్ట్ ఇవ్వాలి? డాక్టర్‌గారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందు ఆ ట్యూబ్‌లో మిగిలిన నీళ్లు పారేయకండి, అడుగున ఉన్న మడ్డీ పారేయకండి. మీకు జవాబు ఆ రెండిట్లోనే ఉంది.

నేను నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ఒక ఆస్పత్రి మైక్రోబయాలజీలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన పరిస్థితి నాకు రెండుసార్లు ఎదురైంది. కాగితం మీద రెండు కేసులూ ఒకటే: ఇంక్ పాజిటివ్, యాంటిజెన్ నెగటివ్. మొదటిసారి నా కన్ను తప్పు, రెండోసారి స్ట్రిప్ తప్పు.

మొదటిది చేరిన కొత్తలో. రోగికి పదిహేను రోజులుగా జ్వరం, తలనొప్పి. సీఎస్‌ఎఫ్‌లో కణాలు 180, దాదాపు అన్నీ లింఫోసైట్లే. ఇంక్ వేశాను. నల్లటి నేపథ్యంలో గుండ్రటి కణం, దాని చుట్టూ తెల్లటి వలయం. పుస్తకంలో బొమ్మలా అనిపించి గుండె ఝల్లుమంది, రిజిస్టర్‌లో పాజిటివ్ అని రాసేశాను. వార్డులో ఆంఫోటెరిసిన్ తెప్పించే ఏర్పాట్లు కూడా మొదలయ్యాయి. యాంటిజెన్ నెగటివ్ వచ్చేసరికి మా సీనియర్ వచ్చారు. చిత్తూరాయన, నేను అన్నా అని పిలిచేదాన్ని. స్లైడ్ చూసి, "ఏమ్మా, దీనికి గోడ ఎక్కడుంది చూపించు" అన్నారు. నేను వలయాన్ని చూపించాను. "అది వలయం. నేనడిగింది గోడ."

తేడా అక్కడే ఉంది. ఇండియా ఇంక్ కణానికి రంగు వేయదు, చుట్టూ ఉన్న ద్రవాన్ని నల్లగా చేస్తుంది. క్రిప్టోకాకస్‌కి గ్లూకురోనోజైలోమానన్ అనే చక్కెర పదార్థంతో చేసిన మందపాటి జిగురు పొర ఉంటుంది. ఇంక్‌లోని కార్బన్ రేణువులు ఆ పొరలోకి దూరలేవు, అందుకే అక్కడ తెల్లగా కనిపిస్తుంది. కానీ లింఫోసైట్ కూడా కొన్నిసార్లు తన చుట్టూ ఉన్న రేణువులను కాస్త పక్కకు నెట్టేస్తుంది, అప్పుడూ వలయం వస్తుంది. కాబట్టి వలయం ఉందా అని చూస్తే సరిపోదు. దాని అంచు ఎలా ఉంది, లోపలి కణం ఎలా ఉంది అని చూడాలి.

క్రిప్టోకాకస్ పొర అంచు కత్తితో కోసినట్టు తేటగా ఉంటుంది. లోపల ఈస్ట్ కణానికి మెరిసే గోడ ఉంటుంది. ఫైన్ ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పితే ఆ గోడ రెండు గీతల్లా విడిపోయి కనిపిస్తుంది. కణాలన్నీ ఒకే సైజులో ఉండవు, ఒక చోట చిన్నది, పక్కన దానికి రెట్టింపుది. కొన్నిటికి సన్నటి మెడతో మొగ్గ అతుక్కుని ఉంటుంది, తల్లి కణాన్నీ మొగ్గనూ కలిపి ఒకే పొర చుట్టి ఉంటుంది. లింఫోసైట్ వలయం అంచు మసకగా, గోడకు కొట్టిన సున్నం చెదిరినట్టుగా ఉంటుంది. లోపల గోడ ఉండదు, మొగ్గ అసలే ఉండదు. నా స్లైడ్‌లో అన్నీ ఒకే సైజువే, ఒక్క మొగ్గ లేదు. అప్పుడు అన్న కవర్‌స్లిప్ అంచున పది శాతం కేఓహెచ్ ఒక బొట్టు పెట్టారు. కొన్ని నిమిషాల్లో నా "క్రిప్టోకాకస్" కరిగి మాయమైపోయింది. కేఓహెచ్‌కి తెల్ల కణాలు కరిగిపోతాయి, ఈస్ట్ గోడ నిలబడుతుంది. ఆ రోగికి తర్వాత టీబీ మెనింజైటిస్ అని తేలింది.

ఇంక్ మరీ చిక్కగా ఉన్నా ఈ మోసం ఎక్కువ. మా ల్యాబ్‌లో పద్ధతి ఏమిటంటే, తయారైన స్లైడ్‌ను న్యూస్‌పేపర్ మీద పెట్టి చూడటం. కవర్‌స్లిప్ కింద అక్షరాలు చదవగలగాలి. అన్న తెలుగు పేపర్ తెప్పించుకునేవారు, "ఒత్తు కూడా కనిపించాలమ్మా, అప్పుడే ఇంక్ సరిగ్గా ఉన్నట్టు" అనేవారు. చదవలేకపోతే ఇంకో స్లైడ్ చెయ్యడమే. కండెన్సర్ దించి, వెలుతురు తగ్గించి, ముందు 10ఎక్స్‌లో వెతికి, అనుమానం వచ్చినదాన్ని 40ఎక్స్‌లో తేల్చుకోండి.

ఇంక్ సీసాని కూడా నమ్మకండి. ప్యారిస్ కార్నర్‌లో కొన్న ఒక సీసా మా ర్యాక్‌లో ఉండగానే ఒక వానాకాలం బూజు పట్టింది, అందులోనే ఈస్ట్ కణాలు మొగ్గలతో సహా తిరుగుతున్నాయి. పొర లేదు కాబట్టి పట్టుకున్నాం. అప్పటి నుంచి రోజూ పొద్దున ఉత్త సెలైన్‌తో ఒక స్లైడ్ వేసి ఇంక్‌ను పరీక్షించాకే రోగి శాంపిల్ ముట్టుకుంటాం.

ఇక రెండోసారి. ముప్పై దాటిన లారీ డ్రైవర్, నెల్లూరు వైపు మనిషే. మూడు వారాలుగా తలనొప్పి, వాంతులు, రెండేసి కనిపిస్తున్నాయని చెప్పాడట. అప్పుడే హెచ్‌ఐవీ తెలిసింది, సీడీ4 కౌంట్ 38. నడుము నీరు తీసినప్పుడు ప్రెషర్ 38 సెంటీమీటర్లు ఉందని ఫారం మీద రాసి పంపారు. నీళ్లు తేటగా ఉన్నాయి. కణాలు ఆరే ఆరు. స్ట్రిప్ పెట్టాను: 40 మైక్రోలీటర్ల సీఎస్‌ఎఫ్, ఒక చుక్క డైల్యుయెంట్, పది నిమిషాలు. కంట్రోల్ గీత వచ్చింది, టెస్ట్ గీత లేదు. లైటు కింద తిప్పి తిప్పి చూస్తే ఏదో నీడ ఉందేమో అనిపించింది, అది కూడా నా ఆశే కావచ్చు. ఇంక్ వేసి చూస్తే ఒక్కో ఫీల్డ్‌లో పది పదిహేను కణాలు, మందపాటి పొరలు, మొగ్గలు. కేఓహెచ్ వేసినా కదల్లేదు.

ఇక్కడ లెక్క తిరగేసి ఆలోచించాలి. యాంటిజెన్ మరీ ఎక్కువగా ఉంటే స్ట్రిప్‌కి ఊపిరాడదు. స్ట్రిప్ ఎలా పనిచేస్తుందంటే, ద్రవం పైకి ఎక్కేటప్పుడు బంగారు రేణువులకు అంటించిన యాంటీబాడీ యాంటిజెన్‌ను పట్టుకుంటుంది. టెస్ట్ గీత దగ్గర అతికించిన రెండో యాంటీబాడీ ఆ జంటను ఆపుతుంది, అప్పుడే గీత వస్తుంది. యాంటిజెన్ గుట్టలుగా ఉంటే బంగారు రేణువుకు అతుక్కోని ఒంటరి యాంటిజెనే ముందు వెళ్లి గీత దగ్గర చోటంతా ఆక్రమించేస్తుంది. బంగారం ఆగదు, గీత రాదు. బస్సులో టికెట్ లేనివాళ్లు సీట్లన్నీ నింపేసినట్టు. దీన్నే ప్రోజోన్ అంటారు. అరుదు, కానీ వచ్చేది ఒంట్లో ఫంగస్ అత్యంత ఎక్కువగా ఉన్నవాళ్లకే.

విరుగుడు చాలా తేలిక, పలచబరచడం. 10 మైక్రోలీటర్ల సీఎస్‌ఎఫ్‌కి కిట్‌తో వచ్చే ద్రవం 90 కలిపి పదింతలు చేశాను. అందులోంచి 10 తీసి మళ్లీ 90 కలిపి వందింతలు చేశాను. రెండిటికీ కొత్త స్ట్రిప్‌లు. పదింతల దానిలో గీత వచ్చింది, కాస్త పాలిపోయి ఉంది. వందింతల దానిలో కంట్రోల్ గీత కంటే ముదురుగా వచ్చింది. పలచబరిస్తే గీత ముదరడం, అదే ప్రోజోన్ గుర్తు. నాలుగో రోజుకి సాబరాడ్ అగార్ మీద జిగురు కాలనీలు కూడా వచ్చాయి.

ఇప్పుడు మీ కేసుకి వస్తాను. మామూలుగా అయితే స్ట్రిప్ కన్నా కన్నునే ముందు అనుమానించాలి. సీఎస్‌ఎఫ్‌లో స్ట్రిప్ నూటికి ఒకటి కూడా తప్పిపోవడం కష్టం. ఇంక్ మాత్రం, మిల్లీలీటరుకు వెయ్యి లోపు ఫంగస్ ఉంటే, సగానికి పైగా కేసుల్లో చూపించదు. అంటే ఇంక్‌కి కనిపించేంత ఫంగస్ ఉంటే స్ట్రిప్ పట్టుకుని తీరాలి. అలా పట్టుకోలేదంటే, మీరు చూసింది ఫంగస్ కాకపోవచ్చు, లేదంటే స్ట్రిప్ మునిగిపోయేంత ఫంగస్ ఉండొచ్చు. మధ్యలో దాదాపు ఏమీ లేదు.

రెండిటినీ విడదీయడానికి నేను మొదట చూసేది సెల్ కౌంట్. లింఫోసైట్లు వందల్లో ఉండి, వలయాలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, అది నా మొదటి కేసు లాంటిది. కణాలు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండి, ఇంక్ నిండా వలయాలుంటే రెండో కేసు. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో ఎదిరించే కణాలే ఉండవు కాబట్టి సీఎస్‌ఎఫ్ అంత తేటగా ఉంటుంది. మీరు ప్రశ్నలో సెల్ కౌంట్ రాయలేదు. అది చూస్తే సగం తేలిపోతుంది.

మిగతా సగం కోసం ఇలా చెయ్యండి. ట్యూబ్‌ను 1500 జీ దగ్గర పది నిమిషాలు తిప్పారనే అనుకుంటున్నాను, తిప్పకపోతే తిప్పండి. మడ్డితో కొత్త ఇంక్ స్లైడ్ చేసి, గోడ, మొగ్గ, సైజు తేడా చూసి, తర్వాత కేఓహెచ్ పెట్టండి. పైన తేరిన నీళ్లు కొత్తవాళ్లు సింక్‌లో పోసేస్తుంటారు, యాంటిజెన్ ఉండేది అందులోనే. దాన్ని పదింతలు, వందింతలు చేసి స్ట్రిప్‌లు పెట్టండి. మొత్తం కలిపి అరగంట పని. మిగిలిన మడ్డిలో కొంత కల్చర్‌కి తప్పకుండా వెయ్యండి, సైక్లోహెక్సిమైడ్ ఉన్న అగార్ మీద మాత్రం వద్దు, క్రిప్టోకాకస్ అందులో పెరగదు.

రోగి ఇంతకుముందు ఈ జబ్బుకి మందు వాడాడా అని కూడా అడగండి. చచ్చిన ఈస్ట్ వారాల తరబడి ఇంక్‌లో కనిపిస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు బతికున్నదా కాదా చెప్పగలిగేది కల్చర్ ఒక్కటే.

డాక్టర్‌గారి ఫోన్ ఎత్తండి. "ఇంక్‌లో అనుమానం, యాంటిజెన్ పలచబరచి మళ్లీ పెడుతున్నాను, అరగంట ఇవ్వండి" అనండి. నడుము నీరు తీసినప్పుడు ప్రెషర్ ఎంత వచ్చిందో, సీడీ4 ఎంతో ఆ ఫోన్‌లోనే అడిగేయండి. పలచబరిచిన స్ట్రిప్‌లో గీత వస్తే, "నేరుగా పెట్టినప్పుడు నెగటివ్, వందింతలకు పాజిటివ్" అని రెండూ రిపోర్ట్‌లో రాయండి. రేపు ఇంకో ల్యాబ్‌లో ఎవరైనా నేరుగా స్ట్రిప్ పెట్టి నెగటివ్ అంటే, ఆ ఒక్క లైను చూపించి మాట్లాడొచ్చు. కేఓహెచ్‌కి కరిగిపోతే మాత్రం, పాత రిజిస్టర్ ఎంట్రీని దాచకుండా ఒక్క గీత కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టి సరిచేయండి. నా ఎంట్రీ ఇప్పటికీ ఆ రిజిస్టర్‌లో అలాగే ఉంది, కొత్తగా చేరిన పిల్లలకు చూపిస్తుంటాను.