రిసెప్షన్‌కి రెండు విడతలుగా పిలవడం: బరంపురంలో మా అన్నయ్య రిసెప్షన్‌కి ఏం జరిగిందంటే

ప్రశ్న: మాది రాయగడ. తమ్ముడి రిసెప్షన్ హాల్లో 250 మందికే చోటు, పిలవాల్సినవాళ్ళు 340 దాకా తేలుతున్నారు. ముందు కొందర్ని పిలిచి, రాలేమన్నవాళ్ళ బదులు మిగతావాళ్ళని పిలుద్దామని ఇంట్లో అంటున్నారు. ఎవరైనా ఇలా చేసేరా? తెలిసిపోతే బాగోదేమో అని భయంగా ఉంది.

జవాబు:

మేం చేసేం. పని జరిగింది గానీ ఒక చోట తెలిసిపోయింది కూడా, అదెలాగో చెప్తాను, మీరు ఆ తప్పు చెయ్యకండి.

పెళ్ళి పలాసలో అమ్మాయి వాళ్ళింట్లో, రిసెప్షన్ మాది బరంపురంలో. హాలు 260. అందులో అమ్మాయి తరపు 40, మా ఇంటి మనుషులు 30 తీసేస్తే చేతిలో మిగిలింది 190. మొదటి లిస్టు సరిగ్గా 190 తలలకే రాసేం, అందరూ వచ్చినా కూర్చోబెట్టగలగాలి అని. ఎలాగూ కొందరు రారు కదా అని ఓ 220 రాసెయ్యొద్దు, ఆ రారన్న లెక్కే రెండో లిస్టుకి పెట్టుబడి, ముందే ఖర్చు పెట్టేస్తే ఇంక రెండో లిస్టు ఎందుకు. ఇంకోటి, కార్డులు లెక్కపెట్టకండి, తలలు లెక్కపెట్టండి. మా 190 మంది 58 ఇళ్ళు. ఒక ఇల్లు రాదంటే ఒక్కోసారి రెండు సీట్లే ఖాళీ అవుతాయి, ఒక్కోసారి ఆరు.

మనవాళ్ళతో అసలు చిక్కు ఏంటంటే రాలేమని ఎవరూ చెప్పరు. "అయ్యో తప్పకుండా వస్తాం" అంటారు, అక్కడితో సరి. అందుకని వస్తారా అని అడగొద్దు. దూరం వాళ్ళని "రూమ్ ఎంతమందికి చెప్పమంటారు, ఏ ట్రైన్‌కి వస్తున్నారు, స్టేషన్‌కి బండి పంపిస్తాం" అని అడగండి. వచ్చేవాళ్ళు వెంటనే ఫలక్‌నుమా అనో ఇంకోటనో చెప్తారు, రానివాళ్ళు "చూసి చెప్తాం" అంటారు, రెండోసారి అడిగినా అదే మాటంటే ఆ సీటు ఖాళీ కిందే రాసుకోవచ్చు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి హైదరాబాద్, విశాఖ వాళ్ళకి అంతకంటే ముందే తేదీ చెప్పెయ్యాలి. మన వైపు ఊళ్ళో వాళ్ళకి కార్డు పట్టుకెళ్ళి బొట్టు పెట్టి పిలిచేది ఎలాగూ మూడు వారాల ముందే కదా, అంచేత రెండో విడతలో ఊళ్ళోవాళ్ళని ఉంచుకుంటే వాళ్ళకి అది లేటు పిలుపు అనిపించదు, మామూలు టైమే. కార్డు మీద మాత్రం ఫలానా తేదీలోగా తెలియజేయండి అని అచ్చు వేయించొద్దు, ఆ తేదీ దాటేక అదే కార్డు రెండో విడతకి ఇస్తే అంతా బయటపడుతుంది.

ఐదు వారాల ముందు లెక్క చూసుకుంటే 41 మంది రారని తేలింది. అందులో 23 మంది అన్నయ్య ఆఫీసు ఒడియావాళ్ళే! మేం పంచాంగం చూసుకుని కార్తీకమాసం, మెనూ ఎలాగూ వెజ్జే, గురువారం అయితే ఏంటి అనుకున్నాం. కానీ వాళ్ళ లెక్కలో కార్తీక పౌర్ణమి మర్నాడే మార్గశిరం మొదలు, మనకి ఇంకా పదిహేను రోజులు కార్తీకం ఉంటుంది. మార్గశిర గురువారాలంటే వాళ్ళకి మాణబసా గురుబార, ఇంట్లో లక్ష్మీపూజ, ఆరోజు ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు. అన్నయ్య మేనేజర్ గారి భార్య నవ్వుతూనే "గురువారం పెట్టుకుంటే ఎలా వస్తాం" అని అడిగేసేరు. మీ రాయగడలోనూ ఒడియా స్నేహితులుంటారు కదా, తేదీ ఖాయం చేసేముందు ఒకసారి వాళ్ళ ఇంటి క్యాలెండర్ కూడా చూడండి, లేకపోతే రానివాళ్ళంతా గుంపుగా ఒకే వైపు నుంచి పోతారు.

సరే, 41 సీట్లు ఖాళీ. రెండో లిస్టుని మనుషుల్లా కాకుండా గుంపులుగా రాసుకున్నాం: మా వీధి 8 ఇళ్ళు, 22 మంది. నాన్నగారి పాత ఆఫీసు 11 ఇళ్ళు, 26 మంది. ఇంకా రెండు గుంపులున్నాయి, వాటిదాకా రాలేదు. గుంపంటే రోజూ ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళు, పిలిస్తే అందర్నీ, లేకపోతే ఎవర్నీ కాదు. మొదట వీధి, 22. మిగిలింది 19. ఆఫీసు గుంపుకి 26 కావాలి, పట్టదు, ఆగాలి. నేను నాన్నతో ఆగండి అని చెప్పేను కూడా. ఆయన ఆగలేదు. 19 ఉన్నాయి కదా అని 11 ఇళ్ళలో 7 ఇళ్ళకి, 17 మందికి, స్వయంగా కార్డులు ఇచ్చేసి వచ్చేరు. వాళ్ళంతా సాయంత్రం ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తారని ఆయనకి తెలీదా అంటే తెలుసు.

వారం తిరక్కుండానే ఇంకో 14 మంది రారని తేలింది. అంటే ఆగి ఉంటే 33 ఉండేవి, గుంపంతా హాయిగా పట్టేది. ఇప్పుడు మిగిలిన 4 ఇళ్ళకి, 9 మందికి, హడావుడిగా వాట్సాప్‌లో పిలుపు పంపేం. కార్డు డిజైన్ చేసిన మా పిన్నికొడుకు దాన్ని పీడీఎఫ్‌గా ఇచ్చేడు, ఎవరూ చూడలేదు, ఫైలు పేరు `reception_card_batch2.pdf`. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు పేరు పైనే కనిపిస్తుంది. ఫొటోగా పంపినా సరిపోయేది, పేరు మార్చినా సరిపోయేది. ఒకాయన నాన్నకి ఫోన్ చేసి "ఏంటండీ, మేం రెండో బ్యాచ్చా" అని అడిగేరు. ఆ ఏడిళ్ళకి కార్డు చేతికి వచ్చింది, మాకు ఫోన్‌లో అన్నది ఆయన అసలు బాధ, ఫైలు పేరు దాని మీద కారం.

నాన్నతో నేను అన్నది ఒకటే, సీట్లు చాల్లేదని అబద్ధం కథలు చెప్పకండి, వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి. అమ్మా ఆయనా కలిసి ఆ నాలుగిళ్ళకీ కార్డులు పట్టుకుని వెళ్ళేరు. ముగ్గురు వచ్చేరు, ఒకాయన రాలేదు. ఫోన్ చేసినాయన వచ్చి భోజనం చేసి, వెళ్తూ అన్నయ్య చేతిలో కవరు పెట్టి నా వైపు తిరిగి "బ్యాచ్ టూ అని రాసేను పైన" అన్నారు. నిజంగా రాసేరు, పెన్నుతో.

మీ దగ్గర 90 మంది తేడా ఉంది కాబట్టి చెప్తున్నాను, అంతా పట్టదు. మాకు 190లో 55 తగ్గేయి, అది కూడా గురువారం పుణ్యమా అని. మామూలు రోజైతే ఇంకా తక్కువే తగ్గుతారు. రెండో లిస్టులో చివరి గుంపుకి పిలుపు అందదనే అనుకుని, వాళ్ళ దగ్గర ముందే ఆశ పెట్టకండి, "కార్డు పంపిస్తాంలే" అని నోరు జారకండి. రెండు వారాల ముందు లిస్టు మూసెయ్యండి. మాకు ఆఖర్న 7 సీట్లు మిగిలేయి, నాన్న ఇంకో ఇంటిని పిలుద్దామా అన్నారు. అమ్మ కార్డుల కట్ట తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసేసింది.