మణికట్టు నొప్పికి టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: నా వయసు 38. అకౌంట్స్ పని చేస్తాను. రోజుకు ఎనిమిది గంటలు ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్లతోనే గడుస్తుంది. ఆరు నెలలుగా మౌస్ పట్టుకునే కుడి చేతి మణికట్టు నొప్పి పెడుతోంది. లెక్కల టీచరుగా పనిచేసే నా స్నేహితురాలికీ ఇలాగే ఉండేది. స్క్రీన్‌ను పూర్తిగా వెనక్కి మడిచి పెన్నుతో రాసే ల్యాప్‌టాప్ కొన్నాక తగ్గిపోయిందట. నన్నూ అదే కొనమంటోంది. కొంటే నొప్పి తగ్గుతుందా?

జవాబు: మీ స్నేహితురాలికి తగ్గిందంటే నేను నమ్ముతాను. మీకు మాత్రం అది కొనమని చెప్పను. నొప్పి ఇద్దరికీ మణికట్టులోనే ఉన్నా, మీ ఇద్దరి చేతులూ రోజంతా చేసే పని వేరు.

లెక్కల టీచరు సమీకరణాలు, భిన్నాలు, త్రిభుజాలు రాయాలి, గీయాలి. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక్కో గుర్తు కోసం మెనూలు వెతకాలి, గీత గీయాలంటే మౌస్ బటన్ నొక్కి పట్టి లాగాలి. వేలు బిగబట్టి, అదే సమయంలో మణికట్టును కదిలించడం ముంజేతి కండరాలకు చాలా శ్రమ. స్క్రీన్‌ను మడిచి బల్ల మీద పరిచాక ఆ లాగుడంతా పోయింది. అరచేయి గాజు మీద, ముంజేయి బల్ల మీద ఆనుతాయి. కాగితం మీద రాసినట్టే రాస్తారు. బొమ్మలు గీసేవాళ్లకు, డయాగ్రమ్‌లతో నోట్స్ రాసుకునే విద్యార్థులకు, పత్రాల మీద చేత్తో దిద్దుబాట్లు చేసేవాళ్లకు ఈ ల్యాప్‌టాప్ పనికొచ్చేది ఇందుకే.

మీరు ఎక్కించేవి అంకెలు. కీబోర్డు మీద కొట్టినంత వేగంగా అంకెలను పెన్నుతో రాయలేరు. చేతిరాతను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఒకచోట 1ని 7గా చదివినా లెక్క తప్పుతుంది కాబట్టి ప్రతి అంకెనూ మళ్లీ చూసుకోవాలి. అందుకని వారం తిరక్కుండానే మీరు స్క్రీన్‌ను మళ్లీ నిలబెట్టేస్తారు. పెన్ను పక్కకు వెళ్లిపోతుంది. ఇక మిగిలేది మౌస్ బదులు వేలితో తాకడం. నాకు భయం దానితోనే.

మీలాగే అకౌంట్స్ చూసే ఒకాయన కుడి భుజం నొప్పితో నా దగ్గరికి వచ్చారు. మణికట్టు నొప్పి వల్ల మౌస్ మానేసి టచ్‌స్క్రీన్‌కు మారి నాలుగు నెలలైందన్నారు. ల్యాప్‌టాప్ తెప్పించుకుని, నా ముందే పది నిమిషాలు పని చేయమన్నాను. ఎక్సెల్‌లో ఒక వరుస ఎత్తు సుమారు అయిదు మిల్లీమీటర్లు. వేలి కొన అంతకంటే వెడల్పు. అందుకని ఒక గడిని ఎంచుకోవడానికి ఆయన రెండేసి, మూడేసి సార్లు తాకుతున్నారు. తాకినప్పుడల్లా స్క్రీన్ కాస్త వెనక్కి ఊగుతోంది, అది ఆగేదాకా చేయి గాలిలోనే ఉంటోంది. ఆ పది నిమిషాల్లో మోచేయి ఒక్కసారీ బల్లకు ఆనలేదు.

మన చేయి బరువు ఒంటి బరువులో దాదాపు 5 శాతం. 60 కిలోల మనిషికి మూడు కిలోలు. దాన్ని ముందుకు చాచి నిలబెట్టే భారమంతా భుజం కండరాల మీద, వాటిని ఎముకకు కలిపే టెండన్ల మీద పడుతుంది. కంప్యూటర్లు తయారుచేసేవాళ్లకూ ఈ బాధ ఎప్పటినుంచో తెలుసు, దీన్ని ‘గొరిల్లా ఆర్మ్’ అంటారు. ఆయనను చేయి పక్కకు ఎత్తమంటే 60 డిగ్రీల దాకా బాగానే ఎత్తారు, అక్కణ్నుంచి 120 దాకా ముఖం ముడుచుకుపోయింది, ఆపైన మళ్లీ హాయిగా లేచింది. భుజం టెండన్ ఒరుసుకుని వాచినప్పుడు తరచూ ఇలాగే కనిపిస్తుంది. టచ్ మాన్పించి, ఫిజియోథెరపీ చేయిస్తే తగ్గడానికి రెండు నెలలు పట్టింది. మణికట్టు నొప్పి మాత్రం మొదట్లో ఎంత ఉందో అంతే ఉంది, ఎందుకంటే దాని అసలు కారణం జోలికి ఎవరూ వెళ్లలేదు.

ఆ కారణం మీ బల్ల మీదే ఉండొచ్చు, ఒకసారి చూడండి. ల్యాప్‌టాప్‌లోనిదైనా, విడిగా పెట్టుకున్నదైనా మీ కీబోర్డుకు కుడివైపు అంకెల కీలు ఉంటే మౌస్ వాటికి అవతల ఉంటుంది. దాన్ని అందుకోవడానికి మోచేయి ఒంటికి దూరం జరుగుతుంది, మణికట్టు పైకి వంగి చిటికెన వేలి వైపు తిరిగి ఉండిపోతుంది. రోజుకు ఎనిమిది గంటలు అలా ఉంటే నొప్పి రాకుండా ఎలా ఉంటుంది? మూడు వారాలు మౌస్‌ను ఎడమ చేతికి మార్చండి. మొదటి నాలుగైదు రోజులు చిరాగ్గా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. అది కుదరకపోతే, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకునే నిలువు మౌస్ వాడండి. ఎక్సెల్‌లో పట్టిక చివరికి వెళ్లడానికి Ctrl + ↓, అక్కడిదాకా ఎంచుకోవడానికి Ctrl + Shift + ↓, గడిలో మార్పు చేయడానికి F2 వాడితే మౌస్ పట్టుకునే అవసరమే చాలావరకు తగ్గుతుంది.

ఇదంతా చదివాక కూడా ఆ ల్యాప్‌టాప్ మీద మనసు పోతుంటే, మీ స్నేహితురాలిది రెండు సాయంత్రాలు అడిగి తెచ్చుకోండి. మీ సొంత ఫైలు తెరిచి మీ పనే చేయండి. పెన్నుతో రాసేటప్పుడు అరచేతిని పూర్తిగా గాజు మీద ఆనించి అయిదారు వరుసలు రాయండి. స్క్రీన్‌కు తగిన అసలు పెన్నయితే అరచేతి స్పర్శను పట్టించుకోకుండా పెన్ను గీతనే తీసుకోవాలి. అరచేయి తగిలినచోట పిచ్చిగీతలు పడుతున్నా, పేజీ జరుగుతున్నా మీకు తెలియకుండానే చేయి ఎత్తి రాస్తారు, మళ్లీ భుజం కథే. రబ్బరు మొన ఉండే చవక పెన్నులతో ఇదే గొడవ. స్క్రీన్ వాటిని వేలనే అనుకుంటుంది.

మరొకటి, గాజు నున్నగా ఉంటుంది. పెన్ను జారకుండా బొటనవేలితో గట్టిగా నొక్కుతాం. బొటనవేలిని గుప్పిట్లో మూసి మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచినప్పుడు బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే, అక్కడి టెండన్ల తొడుగు వాచి ఉండొచ్చు. అలాంటివాళ్లకు సన్నటి పెన్నుతో నొప్పి పెరుగుతుంది. రాయక తప్పనివాళ్లు పెన్నుకు లావుపాటి రబ్బరు తొడుగు వేసుకుని, స్క్రీన్ మీద గరుకు ఫిల్మ్ అతికించుకోవాలి. స్క్రీన్‌ను పూర్తిగా పడుకోబెట్టకుండా 20 నుంచి 30 డిగ్రీలు వాల్చి పెట్టుకుంటే మెడ కూడా అంతగా వంగదు. ట్యాబ్లెట్‌లా మడిచి చేతిలో పట్టుకుని వాడే ఆలోచన మాత్రం వద్దు. 14 అంగుళాల మడత ల్యాప్‌టాప్ కిలోన్నరకు కాస్త అటూఇటూ ఉంటుంది. దాన్ని ఎడమ చేత్తో మోస్తే ఇప్పుడు బాగున్న మణికట్టు కూడా పట్టేస్తుంది.

మీరు రాయని విషయం ఒకటుంది, అది నాకు తెలియాలి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతున్నాయా? రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చేయి విదిలించుకోవాల్సి వస్తోందా? అలా ఉంటే మణికట్టులో నరం నొక్కుకుపోతోందేమో చూడాలి. అప్పుడు మూడు వారాలు ఆగకండి. రాత్రిళ్లు మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ వేసుకుని పడుకోండి, ఈ వారమే ఎముకల డాక్టరుకో, నరాల డాక్టరుకో చూపించుకోండి. అవసరమైతే నరం ఎంత వేగంగా సంకేతాలు పంపుతోందో చూసే పరీక్ష చేయిస్తారు. తిమ్మిరి లేకుండా ఒట్టి నొప్పే ఉంటే, మౌస్ మార్చిన మూడు వారాలకు ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి.