అనుకోని ఫలితం వచ్చినప్పుడు డిస్కషన్ ఎలా రాయాలి

అమ్మా, ఆశీస్సులు.

నీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఎక్కువ చదువుకున్నవాళ్లకే కోర్టుల మీద, పోలీసుల మీద నమ్మకం తక్కువని నీ సర్వేలో తేలింది. నువ్వు చదివిన వ్యాసాలేమో చదువుతో పాటు నమ్మకమూ పెరుగుతుందంటున్నాయి. ఆ టెన్షన్‌లో "శాంపిల్ చిన్నది కావడం వల్ల కావచ్చు" అని ఒక్క వాక్యంతో దాటేశావు. అది తీసెయ్. తేడా యాదృచ్ఛికం కాదని నీ పట్టికే చెబుతోంది కదా.

ముందు కొలతను అనుమానించు. తక్కువ చదువుకున్నవాళ్లలో "తెలియదు" అన్నవాళ్లు ఎంతమంది? వాళ్లను లెక్కలోంచి తీసేస్తే మిగిలేది అభిప్రాయం చెప్పడానికి వెనకాడనివాళ్లే. అడగడానికి వచ్చింది ప్రభుత్వం మనుషులేమోనని జంకినవాళ్లు కూడా "పూర్తిగా నమ్ముతాం" అనేస్తారు. అలాంటివాళ్లు చాలాసార్లు అన్ని సంస్థలకూ వరసగా ఒకే జవాబు ఇస్తారు. ఆ వరసలు ఏ వర్గంలో ఎక్కువున్నాయో లెక్కపెట్టి, వాళ్లను పక్కన పెట్టి మళ్లీ చూడు. తేడా అప్పటికీ నిలిస్తేనే సిద్ధాంతం జోలికి వెళ్లు.

నిలిచిందనుకో. 2012లో హఖ్‌వెర్దియాన్, మేన్ యూరప్ దేశాలను పోల్చి రాసిన వ్యాసం వెతికి చదువు. అవినీతి తక్కువున్న దేశాల్లో చదువు నమ్మకాన్ని పెంచుతుందని, ఎక్కువున్న చోట తగ్గిస్తుందని వాళ్లు చూపించారు. చదువుకున్నవాళ్లు తప్పును త్వరగా గుర్తుపడతారు, దాన్ని తేలిగ్గా తీసుకోలేరు. అంటే నీ ఫలితం పాత వ్యాసాలను కొట్టిపారెయ్యడం లేదు, అవి ఎక్కడి వరకు చెల్లుతాయో చెబుతోంది. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే విలువైన మాట ఇదే.

అయితే ఒక జాగ్రత్త. వాళ్లు పోల్చింది దేశాలను, నీ దగ్గరున్నది ఒకే చోటి మనుషులు. "మా ఫలితం వారి వాదనను రుజువు చేస్తోంది" అని రాయకు. నీ ప్రశ్నాపత్రంలో "గత ఏడాది లంచం అడిగారా?" అనే ప్రశ్న ఉంది. లంచం అడిగారన్నవాళ్లలో, అడగలేదన్నవాళ్లలో చదువుకూ నమ్మకానికీ ఉన్న సంబంధాన్ని విడివిడిగా చూడు. వివరణ సరైనదైతే రెండో గుంపులో తేడా తగ్గాలి. తగ్గకపోతే ఆ సంగతే రాయి. ఫలితం చూశాకే ఈ పరీక్ష పెట్టుకున్నావని కూడా దాచకుండా చెప్పు.

లంచం ప్రశ్నను అనుభవం గురించి అడగడం మంచిదైంది. "అవినీతి ఎంత ఉందనుకుంటున్నారు?" అని అడిగితే, అసలే నమ్మకం లేనివాళ్లు ఎక్కువే ఉందంటారు. అప్పుడు ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చలేం. 2003లో వాన్ డి వాల్లే, బూకర్ట్ ప్రభుత్వ సేవల విషయంలో లేవనెత్తిన చిక్కు ఇలాంటిదే.

"ఇది పాత పరిశోధనలకు పూర్తిగా విరుద్ధం" అన్న నీ మొదటి వాక్యం స్థానంలో ఇలా పెట్టు: "చదువు నమ్మకాన్ని పెంచుతుందన్న నిర్ధారణ ప్రధానంగా అవినీతి తక్కువున్న సమాజాల నుంచి వచ్చింది, మా ఫలితాలను ఆ తేడా దృష్ట్యా చూడాలి." నువ్వు ఉదహరించిన ఒక్కో వ్యాసంలోని సర్వే ఎక్కడ చేశారో చూసి, ఆ మాట నిజమని తేల్చుకున్నాకే రాయి సుమా.

కొత్త పట్టిక రాగానే పంపు, రెండో పేరా కలిసి కూర్చుని చూద్దాం.