ట్యాంక్ ప్రెషర్ తక్కువున్న ఇంటికి ఏ ఫ్లష్ పెట్టాలి?

మాది పైఫ్లోర్, ఓవర్‌హెడ్ ట్యాంక్ నీళ్ల ప్రెషర్ తక్కువ. ఫ్లష్ వాల్వా, ఫ్లష్ ట్యాంకా, ఏది పెడితే కమోడ్ సరిగ్గా క్లియర్ అవుద్ది?

ఫ్లష్ ట్యాంకే పెట్టుకోండి. గోడకి డైరెక్ట్‌గా పెట్టే ఫ్లష్ వాల్వ్ పూర్తిగా లైన్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది, 10 మీటర్ల ఎత్తుంటేనే 1 బార్ వస్తుంది, మీకు ట్యాంక్ అడుగు నుంచి బాత్రూమ్ దాకా 3 మీటర్లుంటే 0.3 బారే, దానికి చాలా వాల్వులు సరిగ్గా పనిచెయ్యవు. ఫ్లష్ ట్యాంక్‌లో అయితే నిండిన నీళ్లే ఒక్కసారిగా దిగి తోస్తాయి, లైన్ ప్రెషర్ తక్కువైతే నిండడం లేటవుద్ది అంతే.

కొనేటప్పుడు లోపల నీళ్లు నింపే ఫిల్ వాల్వ్ తక్కువ ప్రెషర్‌కి పనికొచ్చేదేనా అని బాక్స్ మీద కనీస ప్రెషర్ చూడండి, 0.5 బార్ అని రాసుంటే వద్దు. ట్యాంక్ లీటర్లు కూడా కమోడ్‌కి సరిపోవాలి, పాత 10 లీటర్ల కమోడ్‌కి కొత్త 6 లీటర్ల ట్యాంక్ తగిలిస్తే ఎంత మంచి వాల్వైనా వేస్టే.

ఇప్పటికే ఫ్లష్ ట్యాంక్ ఉంటే మాత్రం ఏదీ మార్చకముందు, కమోడ్‌కి ఎన్ని లీటర్లు కావాలో అన్ని నీళ్లు బకెట్‌తో ఒక్క విసురున పోసి చూడండి. క్లియరైతే తప్పు చాలావరకు ఫ్లష్ ట్యాంక్ వైపే, లేదంటే కమోడ్‌లోనో డ్రైనేజ్ లైన్‌లోనో ఏదో అడ్డం ఉండొచ్చు.