శ్రీశైలం ఘాట్‌లో విద్యుత్ కారు ఛార్జింగ్ లెక్క

ప్రశ్న: మాది 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న విద్యుత్ కారు. హైదరాబాద్ నుంచి నలుగురం శ్రీశైలం వెళ్లి రావాలి. ఘాట్ రోడ్డులో ఛార్జింగ్ ఎంత తగ్గుతుంది, ఎక్కడ ఆగాలి?

మీ కారులాంటి దానిలోనే నేను మూడుసార్లు వెళ్లి వచ్చాను. మొదటిసారి కిలోమీటర్లను మాత్రమే లెక్కించి ఇబ్బంది పడ్డాను. ఘాట్‌లో దూరంతోపాటు ఎత్తును కూడా లెక్కించాలి. మనుషులతో, సామానుతో కలిపి 1800 కిలోల బరువుండే కారు వంద మీటర్లు ఎక్కడానికి సుమారు 0.6 యూనిట్లు అదనంగా తీసుకుంటుంది. చదును రోడ్డు మీద అది నాలుగు కిలోమీటర్లకు సరిపోయే కరెంటు. దిగేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపే రీజెనరేషన్ వల్ల అందులో సగానికి కొంచెం ఎక్కువే తిరిగి వస్తుంది, కానీ మొత్తం ఎన్నడూ రాదు.

వెళ్లేటప్పుడు పెద్దగా భయం లేదు. ఎల్బీనగర్ నుంచి 100 శాతంతో బయలుదేరి గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపితే, మన్ననూరు చేరేసరికి నాకు 50 శాతం మిగిలింది. అడవిలో నెమ్మదిగా వెళ్లడం వల్ల గాలి నిరోధం తగ్గి ఖర్చు కూడా తగ్గింది, శ్రీశైలంలో 23 శాతం కనిపించింది. నా అనుభవంలో కొండ కంటే హైవే మీద వంద దాటిన వేగమే ఎక్కువ ఛార్జింగ్ తింటుంది.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. శ్రీశైలం నుంచి కృష్ణ దాకా దిగుతున్నంతసేపూ తెర మీది మిగిలిన దూరం పెరుగుతూ పోతుంది, ఎందుకంటే కారు ఇంతవరకూ అయిన ఖర్చునే ముందుకు పొడిగించి చెబుతుంది. వంతెన దాటి దోమలపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టగానే అదే అంకె కళ్లెదుట పడిపోతుంది. నది నుంచి పైకి 400 మీటర్లు ఎక్కాలనుకుంటే దాదాపు రెండున్నర యూనిట్లు, అంటే 17 కిలోమీటర్ల దూరం, అక్కడే పోతుంది. కాబట్టి ఆ అంకెను కాకుండా శాతాన్ని చూడండి: మన్ననూరు దాకా 30, అక్కడి నుంచి తర్వాతి ఛార్జర్‌కు 10, చేతిలో 15 నుంచి 20. అందుకే 60 శాతం లేకుండా నేను కొండ దిగను.

ఆ 60 శాతం కోసం బసలోని 15 ఆంపియర్ల సాకెట్ రాత్రంతా చాలు, అయితే గది తీసుకునే ముందే వాళ్ల అనుమతి అడిగి, ఎర్తింగ్ ఉందో లేదో కనుక్కోండి; అది సరిగా లేకపోతే కారు ఛార్జింగ్ మొదలుపెట్టదు. నాకు ఒకచోట అలాగే జరిగి, ఉదయం రెండు గంటలు వేరే ఛార్జర్ కోసం వెతికాను. దారిలోని ఛార్జర్‌కు కూడా బయలుదేరే ముందు ఫోన్ చేయండి, యాప్‌లో పచ్చగా కనిపించినా యంత్రం పని చేయకపోవచ్చు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కనుక, ఛార్జింగ్ కోసం సాయంత్రం ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఆగిపోవలసి వస్తుంది.