బ్యాడ్మింటన్ ఆడే ముందు ఆ రన్నింగ్ షూ మార్చు

చిన్నా,

ప్రస్తుతానికి ఇంట్లో ఉన్న రన్నింగ్ షూతోనే ఆడేస్తానని రాశావు. మంచి రాకెట్ నెమ్మదిగా కొనుక్కోవచ్చు కానీ, షూ మాత్రం ముందే మార్చు.

రన్నింగ్ షూ నేరుగా ముందుకు పరిగెత్తడానికి చేసింది. దెబ్బ తగ్గడానికి మడమ కింద మెత్తటి ఫోమ్ మందంగా పెడతారు, చాలా వాటిలో 30 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. పైభాగం పల్చటి మెష్.

ఇప్పుడు ఒక్క షాట్ చూడు. నీది కుడిచేతి వాటం. ఎదుటివాడు షటిల్‌ని నీ ఎడమవైపు వెనక మూలకి లేపాడు, నువ్వు వెనక్కి వెళ్లి తల మీదుగా కొట్టి ఎడమకాలి మీద దిగావు. కాలు ఆగింది, ఒళ్లు మాత్రం ఇంకా ఎడమవైపుకే పోతోంది, ఆ బరువంతా పాదం బయటి అంచు మీద పడుతుంది. రన్నింగ్ షూలో అక్కడి ఫోమ్ అణిగిపోతుంది, మెష్ సాగి పాదం సోల్ మీద నుంచి పక్కకి జరుగుతుంది. మడమ ఎత్తులో ఉంది కాబట్టి ఒకసారి ఒరగడం మొదలైతే ఆపుకోవడం కష్టం. పాదం లోపలికి మడతపడి చీలమండ బయటివైపు లిగమెంట్ సాగుతుంది, గట్టిగా పడితే తెగుతుంది కూడా.

కోర్టు షూలో పాదం నేలకి దగ్గరగా ఉంటుంది, ముందుభాగంలో సోల్ బయటివైపుకి కాస్త వెడల్పుగా వస్తుంది, మడమ చుట్టూ గట్టి కప్పు ఉంటుంది. అడుగున ఉండే గమ్ రబ్బరు చెక్క, సింథటిక్ కోర్టుల మీద బాగా పట్టుకుంటుంది. అయితే పట్టు ఒక్కటే చాలదు. షూ నేలని పట్టుకుని ఆగిపోయి, లోపల పాదం ఆగకపోతే అదే ఎక్కువ ప్రమాదం. అందుకే గ్రిప్ బాగుందని రన్నింగ్ షూతో సరిపెట్టుకోవద్దు.

కొనేటప్పుడు మడమ వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కు, సులువుగా నలిగితే వదిలెయ్. షూ ముందు నుంచి వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో వంగకూడదు. ఆడేటప్పుడు వేసుకునే సాక్స్‌తోనే తొడుక్కుని, లేసులు కట్టి, అక్కడే పక్కకి గట్టిగా అడుగేసి చూడు. పాదం లోపల జరిగితే అది నీ సైజు కాదు, లేదా నీ పాదం ఆకారానికి సరిపోదు. ఆడుతూ ఉంటే సర్దుకుంటుందని ఎవరు చెప్పినా వినకు.

ఆ షూతో రోడ్డు మీద నడవకు, కోర్టు దగ్గరే మార్చుకో. దుమ్ము పట్టిందంటే గమ్ రబ్బరు కూడా జారుతుంది, తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టు వస్తుంది. తుడిచినా జారుతూ, సోల్ నున్నగా మెరుస్తూ గట్టిపడి ఉంటే, పైన కొత్తగా కనిపించినా దాని పని అయిపోయినట్టే.

ఎంత మంచి షూ అయినా డబుల్స్‌లో పార్ట్‌నర్ కాలి మీద దిగితే కాపాడలేదు, అది గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా చీలమండ మడతపడి నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, ఐస్ పెట్టుకుని ఊరుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించు, ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీయాల్సి రావచ్చు.

నీ బాబాయ్